చలాన్లు ఉన్న సెకండ్ హ్యాండ్ స్కూటర్ తీసుకోవచ్చా? ట్రాన్స్‌ఫర్ తర్వాత చేయించుకుంటే ఏమవుతుంది?

ప్రశ్న: వైజాగ్ నుంచి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి నెల అయింది. ఆఫీసుకి వెళ్లడానికి 2019 మోడల్ స్కూటర్ ఒకటి చూశాను, టీఎస్ 08 నంబర్. బండి బాగుంది. కానీ దాని మీద ఆరు చలాన్లు ఉన్నాయి, అందులో నాలుగు రాంగ్ పార్కింగ్‌వే. ఓనర్ ‘డిస్కౌంట్ ఇచ్చినప్పుడు కట్టేస్తాను, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇస్తాను, ట్రాన్స్‌ఫర్ తీరిగ్గా చేయించుకోండి’ అంటున్నారు. తీసుకోవచ్చా? ఇక్కడ పార్కింగ్ ఫైన్లు ఎక్కువంటున్నారు, అదీ టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాది కారు కూడా కొనాలనుంది.

సమాధానం:

బండి తీసుకోవచ్చండి, కానీ ఆ షరతుల మీద వద్దు. ఆరు చలాన్లూ మీ కళ్ల ముందే కట్టించండి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టిన రోజే మిగతా డబ్బు ఇవ్వండి. ఈ రెండిటికీ ఓనర్ ఒప్పుకోకపోతే ఇంకో స్కూటర్ చూసుకోండి. హైదరాబాద్‌లో ఆ మోడల్ స్కూటర్లకు కొదవ లేదు.

నేను పదమూడేళ్లు ఇదే ఊళ్లో సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే చోట పేపర్ల పని చూశాను. ఇంజిన్ సంగతి నాకన్నా మంచి మెకానిక్ మీకు బాగా చెబుతాడు, ఒకరిని వెంట తీసుకెళ్లండి. నేను చలాన్లు, ట్రాన్స్‌ఫర్, పార్కింగ్ గురించే రాస్తాను. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

చలాన్ నంబర్‌ని పట్టుకుని ఉంటుంది

రాంగ్ పార్కింగ్ చలాన్ చాలాసార్లు మనిషి ఎదురుగా లేకుండానే పడుతుంది. కానిస్టేబుల్ బండిని, నంబర్ ప్లేటుని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అది ఆ నంబర్ మీద ఎక్కుతుంది, మెసేజ్ ఆర్సీలో పేరున్న మనిషి ఫోన్‌కి వెళుతుంది. రేపు మీరు బండి కొన్నాక ట్రాఫిక్‌లో ఆపి నంబర్ కొట్టి చూస్తే ఈ ఆరూ కనిపిస్తాయి. ‘ఇవి పాత ఓనర్‌వి సార్’ అని మీరు చెప్పుకోవచ్చు, కానీ బండి తాళం మీ చేతిలో ఉంది కాబట్టి కట్టమని అడిగేది మిమ్మల్నే. పైగా పెండింగ్ చలాన్లు ఉంటే ట్రాన్స్‌ఫర్ దగ్గరా పని ఆగుతుంది.

డిస్కౌంట్ మాట వట్టిది కాదు. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలాన్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివర 80 శాతం తగ్గించారు. అప్పటి నుంచి చాలామంది ‘మళ్లీ ఇస్తారులే’ అని ఎదురుచూస్తున్నారు. ఆయన బండి ఆయన దగ్గరుంటే ఎంతకాలమైనా ఎదురుచూడొచ్చు, అది ఆయన ఇష్టం. బండి మీకు అమ్మేశాక ఆ ఎదురుచూపు మీ మీద పడుతుంది. డబ్బు చేతికి అందాక చలాన్లు గుర్తుపెట్టుకుని కట్టిన ఓనర్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

చలాన్లు రెండు చోట్ల చూడండి. ఒకటి తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్. రెండోది కేంద్రానిది, echallan.parivahan.gov.in. ఒకదానిలో కనిపించనిది ఇంకోదానిలో ఉండొచ్చు. ముఖ్యంగా బండి వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చి ఉంటే రెండూ చూడాల్సిందే. ఇంజిన్ నంబర్ లేదా ఛాసిస్ నంబర్ చివరి అంకెలు అడిగితే ఆర్సీ చూసి కొట్టండి. ఓనర్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరే అనకండి, మీ ఫోన్‌లో మీరే తెరవండి.

ఇంకో జాగ్రత్త. వాట్సాప్‌లో ‘మీ బండికి చలాన్ పడింది, ఈ ఫైల్ ఓపెన్ చేయండి’ అని వచ్చేవి నమ్మొద్దు. అవి ఫోన్‌లోకి చొరబడి డబ్బు లాగే యాప్‌లు. చలాన్ చూడాలంటే పైన చెప్పిన సైట్లలోకి మీరే వెళ్లాలి.

ఆ ఆరు ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూడండి

ఇది ఎక్కువమంది చేయరు. చలాన్ మొత్తం ఎంతో చూసి సైట్ మూసేస్తారు. నేనైతే బండి కన్నా ముందు చలాన్ ఫొటోలు చూసేవాణ్ని. ఓనర్ చెప్పని సంగతులు ఆ ఫొటోల్లో ఉంటాయి.

మొదట బండిని చూడాలి. ఫొటోలో ఉన్నది మీరు చూసిన స్కూటరేనా? రంగు, మోడల్, అద్దాలు, సీటు కవరు సరిపోల్చండి. నంబర్ అదే అయి బండి వేరేదైతే, ఆ నంబర్ పెట్టుకుని ఇంకెవరో తిరుగుతున్నారని అర్థం. అలాంటి బండి కొంటే ఎవరో చేసిన తప్పులకు మీరు స్టేషన్ చుట్టూ తిరగాలి. అది తేలేదాకా కొనకండి. బండి అదే అయినా, రెండేళ్ల కిందటి ఫొటోలో ముందు భాగం ఎరుపు, ఇప్పుడు నలుపు అయితే, ఎందుకు మార్చారో అడగండి. ఊరికే రంగు మార్చరు, చాలావరకు అది పడి లేచిన బండి అయి ఉంటుంది.

తర్వాత నడిపినవాళ్లు. ‘నేనొక్కణ్నే, ఇంటి నుంచి ఆఫీసుకే’ అన్న బండి మీద ఒకసారి నేను తొమ్మిది చలాన్లు తెరిచాను. హెల్మెట్ లేని మూడు ఫొటోల్లో ముగ్గురు వేర్వేరు కుర్రాళ్లు. ఒక ఫొటోలో వెనక ఫుడ్ డెలివరీ సంచి కూడా ఉంది. మీటర్ మీద ఉన్న 21,000 కిలోమీటర్లను ఇక ఎలా నమ్మాలి? రోజూ డెలివరీకి తిరిగిన బండి ఏడాదిలోనే అంత తిరుగుతుంది. మేం ఆ బండి తీసుకోలేదు.

మీ స్కూటర్ మీదున్న నాలుగు రాంగ్ పార్కింగ్‌లూ ఒకే చోటివైతే పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఆయన ఆఫీసో, షాపో ఆ వీధిలో ఉండి, పార్కింగ్ దొరక్క రోడ్డు మీద పెట్టుకుని ఉంటారు. అది బండి లోపం కాదు. సిగ్నల్ దాటడం, అతివేగం లాంటివి వరుసగా ఉంటే మాత్రం బండిని ఎలా నడిపారో తెలిసిపోతుంది. అప్పుడు మెకానిక్‌కి ఫోర్కు, చాసిస్, బ్రేకులు ఇంకాస్త జాగ్రత్తగా చూడమని చెప్పండి.

కొన్నాక బయటపడే చలాన్లు

ఈ రోజు సైట్‌లో ఆరే ఉన్నాయంటే పడినవి ఆరేనని కాదు. ఫొటో తీసిన రోజుకీ, సైట్‌లో ఎక్కే రోజుకీ మధ్య కొన్ని రోజులు పట్టొచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసు పూర్తిగా చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది.

2022లో ఖమ్మం నుంచి వచ్చిన ఒక నర్సు 46,000 రూపాయలకు స్కూటర్ బేరం కుదుర్చుకుంది. మూడు చలాన్లు కనిపించాయి. అమ్మే ఆయన మా టేబుల్ దగ్గరే కూర్చుని ఫోన్‌లో కట్టేశారు. ఐదు నిమిషాలాగి మళ్లీ చూస్తే పెండింగ్ ఏమీ లేవు. ఆ అమ్మాయి 43,000 ఇచ్చింది. మూడు వేలు ఇరవై రోజుల తర్వాత ఇచ్చేలా కాగితం రాయించాను. డెలివరీ కాగితంలో తేదీతో పాటు టైం కూడా వేశాం: ఫలానా రోజు మధ్యాహ్నం 12:30కి బండి, తాళాలు రెండూ ఇచ్చాను అని ఆయన సంతకం, పుచ్చుకున్నాను అని ఈమె సంతకం, మీటర్ రీడింగ్, ఒక సాక్షి.

తొమ్మిదో రోజున రెండు కొత్త చలాన్లు వచ్చాయి. రెండూ రాంగ్ పార్కింగే. ఒకటి డెలివరీకి రెండు రోజుల ముందు సాయంత్రం 6:40కి, ఒక బట్టల షాపు ముందు. రెండోది డెలివరీ అయిన నాలుగో రోజు ఉదయం, ఆమె పనిచేసే ఆసుపత్రి గేటు పక్కన. రెండూ తనవి కావనే అనుకుని ఆమె ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. చలాన్ మీద తేదీ, టైం, స్థలం ఉంటాయి కదా, డెలివరీ కాగితం పక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో తేలిపోయింది. మొదటిది ఆయన డబ్బులోంచి కట్టి మిగతాది ఆయనకు ఇచ్చేసింది, రెండోది తనే కట్టుకుంది. మాటామాటా పెరగలేదు. ఆ కాగితం మీద టైం లేకపోతే, ఆ మూడు వేలు ఆపుకోకపోతే, ఆయన ఫోన్ ఎత్తేవారని నేననుకోను.

మీరూ అంతే చేయండి. రెండు మూడు వేలు, పదిహేను ఇరవై రోజులు ఆపండి. నిజాయితీగా అమ్మేవాళ్లకు దీనిమీద పెద్ద అభ్యంతరం ఉండదు.

‘ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తాను’ అంటే ఒప్పుకోవద్దు

పేరు మార్పుకు కావాల్సినవి ఫారం 29, ఫారం 30. బండి అమ్మేశానని ఓనర్ ఆర్టీఏకి తెలియజేసేది 29. పేరు మార్చమని దరఖాస్తు చేసుకునేది 30. బండి అదే రాష్ట్రానిదైతే అమ్మినవారు 14 రోజుల్లోగా తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఇది మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్. తీరిగ్గా చేసుకోవడానికి చట్టంలో చోటు లేదు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని పెట్టెలో పెట్టుకునే అలవాటు ఇక్కడ బాగా ఉంది. ఆరు నెలల తర్వాత ఆ కాగితాలతో ఆర్టీఏకి వెళితే ఇబ్బంది మొదలవుతుంది. సంతకం సరిపోలలేదంటారు, లేదా ఓటీపీ ఓనర్ ఫోన్‌కి వెళుతుంది. ఆయన నంబర్ మార్చి ఉంటారు, లేదా ఊరే మారి ఉంటారు. దురదృష్టవశాత్తూ ఆయన చనిపోతే వారసుల సంతకాలు, ఫారం 31, సర్టిఫికెట్లు కావాలి. ఒక స్కూటర్ కోసం ఆ కుటుంబం దుఃఖంలో ఉన్నప్పుడు వాళ్ల తలుపు తట్టడం ఎంత కష్టంగా ఉంటుందో నేను రెండుసార్లు చూశాను.

చట్టం దృష్టిలో ఓనర్ అంటే ఆర్సీలో పేరున్న మనిషి. బండి చేతులు మారి ఎన్నేళ్లయినా సరే. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక ప్రమాదం కేసులో బండి వరసగా చాలామంది చేతులు మారింది, కానీ ఆర్సీలో మొదటి మనిషి పేరే ఉండిపోయింది. పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఆయనదేనని కోర్టు చెప్పింది. ఈ సంగతి మీ ఓనర్‌కి నెమ్మదిగా వివరించండి. ట్రాన్స్‌ఫర్ మీకన్నా ఆయనకే ఎక్కువ అవసరం.

నా సొంత అనుభవమూ ఒకటి ఉంది. ఈ పనిలోకి రాకముందు నా పాత బైకు ఒక పరిచయస్తుడికి అమ్మి, సంతకాలు పెట్టి ఇచ్చేశాను. ఏడాదిపాటు నేనెప్పుడూ వెళ్లని వీధుల్లోంచి నా పేరు మీద చలాన్లు వచ్చాయి. ఒక రోజు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, నా పేరు మీదున్న బండి ఒక వృద్ధుణ్ని తగిలి ఆపకుండా వెళ్లిందని. ఆయనకు చిన్న దెబ్బలతో పోయింది. కానీ బండి నా దగ్గర లేదని నిరూపించడానికి నా చేతిలో ఒక్క కాగితం లేదు. ఆ వారం నాకు నిద్ర లేదు. అందుకే అమ్మేవాళ్లకైనా, కొనేవాళ్లకైనా ఆర్టీఏ రసీదు చూసేదాకా బేరం పూర్తయినట్టు లెక్కపెట్టొద్దని చెబుతాను.

మీ విషయంలో ఒక చిక్కుంది. మీ ఆధార్‌లో అడ్రస్ ఇంకా వైజాగ్‌దే కదా? పేరు మార్పు కొన్నవారి అడ్రస్ మీద జరుగుతుంది. వైజాగ్ అడ్రస్ ఇస్తే అది వేరే రాష్ట్రం, ఎన్‌ఓసీ తీసుకుని బండిని అక్కడికి మార్చాల్సి వస్తుంది. అందుకే ముందు ఆధార్‌లో హైదరాబాద్ అడ్రస్ వేయించుకోండి. దానికి రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం పనికొస్తుంది. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే ఇంటి ఓనర్‌తో ఈ మాట చెప్పండి. బండి చూడటం, అడ్రస్ మార్పు రెండూ ఒకేసారి మొదలుపెడితే సమయం కలిసొస్తుంది.

ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుందేమో చూడండి. ఉంటే, లోన్ తీరిపోయిందన్న మాట చాలదు. వాళ్లిచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చూపించమనండి.

అమ్మేది డీలర్ అయితే ఇంకో సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే డీలర్లకు ఆర్టీఏ అనుమతి ఉండాలి. ఆ పత్రం పేరు ఫారం 29బి. ఓనర్ బండిని డీలర్‌కి అప్పగించినప్పుడు ఫారం 29సి ఇవ్వాలి, అప్పటి నుంచి బండి బాధ్యత డీలర్‌ది. ఈ రెండూ అడగండి. చూపించగలిగినవాళ్ల దగ్గర కొంటే పాత ఓనర్‌ని వెతుక్కునే పని ఉండదు.

ఇన్సూరెన్స్

మీరు చూసిన బండి 2019ది. ఆ రోజుల్లో కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. ఆ ఐదేళ్లు 2024లో అయిపోయాయి. తర్వాత రెన్యూవల్ చేశారా లేదా చూడండి, ‘ఐదేళ్లది ఉంది’ అన్న మాట ఇప్పుడు చెల్లదు. పాలసీ నడుస్తుంటే, పేరు మార్పు గురించి కంపెనీకి 14 రోజుల్లోగా తెలియజేయండి. థర్డ్ పార్టీ వరకు పాలసీ మీకు దానంతటదే వస్తుంది. బండికి జరిగే నష్టం మాత్రం మీ పేరు మీదికి మారాకే ఇస్తారు. క్లెయిమ్ చేయనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ అమ్మినవారిదే, బండితో మీకు రాదు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే కేంద్ర చట్టంలో మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు, రెండోసారి 4,000. జైలు శిక్ష కూడా ఉంది.

ఊరి నుంచి ఏపీ బండి తెచ్చుకుంటే?

మీరు అడగలేదు కానీ ఇంట్లోవాళ్లు ఈ సలహా ఇచ్చే ఉంటారు. అక్కడ తెలిసినవాళ్ల దగ్గర తక్కువకు వస్తుంది, నిజమే. కానీ వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. అంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్. పాత స్కూటర్‌కి ఈ ఖర్చు, తిరుగుడు కలిపితే తక్కువకు వచ్చిన లాభం మిగలదు. ఏడాదిలోపు ఊరికి తిరిగి వెళ్లిపోతానన్న నమ్మకం ఉంటేనే తెచ్చుకోండి. మీకు అలాంటి ఆలోచన లేదు కాబట్టి ఇక్కడి బండే మంచిది.

ఇక పార్కింగ్

టెన్షన్ అక్కర్లేదండి. నాలుగు సంగతులు తెలిస్తే చాలా చలాన్లు తప్పుతాయి.

బోర్డులు రెండు రకాలు. నీలం రంగు గుండ్రని బోర్డు, ఎర్ర అంచు, మీద ఒకే అడ్డగీత ఉంటే పార్కింగ్ చేయకూడదు, కానీ మనిషిని దించడానికి ఒక నిమిషం ఆగొచ్చు. రెండు గీతలు అడ్డంగా, ఇంటూ గుర్తులా ఉంటే అసలు ఆగకూడదు. చాలామందికి ఈ తేడా తెలియదు. ఇంటూ గుర్తు కింద ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని బండి మీదే కూర్చున్నా చలాన్ పడుతుంది.

బోర్డు లేనంత మాత్రాన పెట్టుకోవచ్చని కాదు. ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద, జంక్షన్ మలుపుల్లో, బస్టాపుల దగ్గర, ఇంటి గేటుకి అడ్డంగా, ఇప్పటికే ఆగి ఉన్న బండి పక్కన రెండో వరసలో పెట్టకూడదు. వీటికి బోర్డు అవసరం లేదు, 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉన్నాయి. టూవీలర్లకు ఎక్కువగా పడేది ఫుట్‌పాత్ చలాన్. ‘పక్కన ఇరవై బండ్లు ఉన్నాయి కదా’ అని పెడతారు, ఫొటోలో ఇరవై ఒకటీ వస్తాయి.

జరిమానా ఎంత అంటే, 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో సాధారణ ఉల్లంఘనకు మొదటిసారి 500, తర్వాత 1,500 రూపాయల వరకు ఉంది. అక్కడికక్కడ వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మీ చలాన్ మీద ఏముందో అదే కట్టాలి. టూవీలర్ పార్కింగ్ విషయంలో అసలు నష్టం బండి ఎత్తుకెళ్లినప్పుడు. 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట ఉన్న బండినీ, ఎక్కడైనా పది గంటలు దాటి వదిలేసిన బండినీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. తీసుకెళ్లిన ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి. బండి కనిపించకపోతే దొంగతనం అని కంగారు పడేముందు పక్క షాపువాళ్లను అడగండి, ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. మామూలు పోలీస్ స్టేషన్, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ఇక్కడ వేరువేరు. కొత్తవాళ్లు తప్పు స్టేషన్‌కి వెళ్లి రెండు గంటలు పోగొట్టుకుంటారు. అప్పుడు ఆర్సీ, లైసెన్సు చూపించమంటారు. ఆర్సీలో ఇంకా పాత ఓనర్ పేరే ఉంటే ఆయన్ని పిలిపించమనే అవకాశం ఉంది. ట్రాన్స్‌ఫర్ ఆలస్యం చేయొద్దని ఇంతగా చెప్పేది అందుకే.

చలాన్ తప్పుగా పడిందనిపిస్తే ఊరుకోకండి. అనుమానం ఉన్న చోట పార్క్ చేసినప్పుడు బండి, చుట్టుపక్కల కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటోతో చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా ఆ ఏరియా ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లొచ్చు. నంబర్‌లో ఒక అంకె తప్పుగా చదివి వేరే బండి చలాన్ మీ మీద పడితే, ఫొటో చూపించగానే తీసేస్తారు. నేను చూసినవాటిలో సులువుగా తేలేవి అవే.

మాల్‌కి వెళ్లినప్పుడు: 2018లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మాల్స్‌లో, వ్యాపార భవనాల్లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితం. గంటలోపు అయితే ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే డబ్బు ఇవ్వక్కర్లేదు. పది నిమిషాల పని కోసం రోడ్డు మీద పెట్టి చలాన్ తెచ్చుకునేకన్నా లోపల పెట్టడం మేలు.

ఇంటి ముందు రోడ్డు ఇంటివాళ్లది కాదు. ‘మా గేటు ముందు పార్క్ చేయరాదు’ అని రాసుకున్న గోడ పక్కన, గేటుకి అడ్డం లేకుండా పెడితే అది తప్పు కాదు. అయినా రోజూ ఒకే ఇంటి ముందు పెడితే గొడవ వస్తుంది. స్కూటర్‌కి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చోటు అడిగి తీసుకోండి.

కారు విషయంలో ఇదే ముందు తేల్చుకోవాలి. కారు వెతకడానికన్నా ముందు పార్కింగ్ చోటు వెతకండి. మా దగ్గర కారు కొన్న ఒక జంట మూడో నెలలోనే తిరిగి అమ్ముతామని వచ్చారు. బండిలో ఏ లోపమూ లేదు. ఫ్లాట్‌కి పార్కింగ్ ఉందని ఇంటి ఓనర్ నోటి మాట చెప్పారు, తీరా చూస్తే ఆ చోట్లో ఇంకొకరు ఏళ్లుగా కారు పెట్టుకుంటున్నారు. వీళ్లు వీధి చివర రోడ్డు మీద పెట్టారు. మూడు నెలల్లో ఏడు చలాన్లు, ఒకసారి చక్రానికి తాళం, ఒక అద్దం విరిగింది. అమ్మేటప్పుడు ఆ చలాన్లన్నీ కట్టాల్సి వచ్చింది, మూడు నెలలకే ఇంకో ఓనర్ పేరు చేరింది కాబట్టి రేటూ తగ్గింది. మీరు అద్దె ఒప్పందంలోనే స్లాట్ నంబర్ రాయించండి. టేపు పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. రెండు పిల్లర్ల మధ్య స్లాట్ అయితే కారు డోర్ తెరుచుకునేంత జాగా ఉందో లేదో చూడండి. సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ మలుపులో ఏ సైజు కారు తిరుగుతుందో వాచ్‌మన్‌ని అడిగితే సరిగ్గా చెబుతారు.

ఇప్పటికి స్కూటర్ సంగతి చూడండి. రేపు ఓనర్‌కి ఫోన్ చేసి ‘ఆరు చలాన్లు మీరు కట్టండి, లేదా ఆ మొత్తం రేటులో తగ్గిస్తే నేనే మీ ఎదురుగా కడతాను’ అనండి. రెండో మాటకు చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఆధార్ అడ్రస్ మారిన వెంటనే ఆర్టీఏ స్లాట్ బుక్ చేసి, ఆ తేదీ ఆయనకు ముందే చెప్పండి. ఆ ఆరు ఫొటోల్లో ఏదైనా అర్థం కాకపోతే, నంబర్ కనిపించకుండా చేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.